‘సబ్మిట్’ నొక్కాక వచ్చే పేజీ

రైల్వే వెయిటింగ్ లిస్టు మనకు కొత్త కాదు. డబ్బు కట్టేస్తాం, ఒక నంబరు వస్తుంది, ముందున్నవాళ్లు టికెట్ రద్దు చేసుకుంటే మన నంబరు జరుగుతుంది. మనం చేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు. కొత్త కంపెనీలు సరుకు బయటికి రాకముందే పెట్టే వెయిట్‌లిస్టు పేరుకు దాని చుట్టమే అయినా నడక పూర్తిగా వేరు. ఇక్కడ కొనేవాడు రూపాయి కట్టడు. ఈమెయిల్ చిరునామా ఒక్కటి ఇస్తాడు. ఆ తర్వాత తన నంబరు జరగాలన్నా, తనకేదైనా ఉచితంగా రావాలన్నా అతను చేయగలిగిన పని ఒకటుంది. నలుగురు స్నేహితుల్ని అదే వరుసలోకి తీసుకురావడం.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చూడటానికి హ్యారీస్ కథను మించింది లేదు. అది న్యూయార్క్‌లో పుట్టిన షేవింగ్ రేజర్ల కంపెనీ. 2013 మార్చిలో అమ్మకాలు మొదలుపెట్టింది. అంతకు ముందు ఒకే ఒక్క వారం పాటు ఒక చిన్న వెబ్‌పేజీ పెట్టి, దాదాపు లక్ష ఈమెయిళ్లు కూడగట్టింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన జెఫ్ రైడర్ ఆ వారంలో ఏం చేశారో తర్వాత అంకెలతో సహా బయటపెట్టారు. ఆ పేజీకి రాసిన ప్రోగ్రామును కూడా ‘ప్రీలాంచర్’ అనే పేరుతో ఎవరైనా వాడుకునేలా ఇచ్చేశారు. అందుకే ఊహల మీద కాకుండా వివరాల మీద మాట్లాడుకోవచ్చు.

రైడర్‌కు వెయిట్‌లిస్టు కొత్త కాదు. అంతకు ముందు ఆయన కళ్లజోళ్ల కంపెనీ వార్బీ పార్కర్ పెట్టిన నలుగురిలో ఒకరు. 2010లో ఆ వెబ్‌సైటు తెరవగానే ఒక పెద్ద పత్రిక దాని గురించి రాసింది. ఏడాదికని వేసుకున్న అమ్మకాల లక్ష్యం మూడు వారాల్లో పూర్తయి, సరుకు అయిపోయి, ఇరవై వేల మంది వెయిటింగ్‌లో నిలిచిపోయారు. ఆ జాబితా ఎవరూ పథకం వేసి తయారుచేసింది కాదు, సరుకు చాలక తయారైంది. హ్యారీస్ వేళకు అదే పనిని ముందే, తెలిసి చేశారు.

పేజీలు రెండే రెండు. మొదటి దాంట్లో ఒక బొమ్మ, కొద్ది మాటలు, ఈమెయిల్ రాసే ఒక గడి, ఒక బటన్. పేరు, ఫోన్ నంబరు, ఊరు, వయసు ఏవీ అడగలేదు. చాలామంది కొత్త కంపెనీవాళ్లు తడబడేది ఇక్కడే. ఎలాగూ వచ్చాడు కదా, నాలుగు వివరాలు అడిగేద్దాం అనుకుంటారు. ఫోన్ తెర మీద ఒక్కో గడి పెరిగే కొద్దీ మధ్యలోనే వదిలేసి వెళ్లేవాళ్లు పెరుగుతారు. తెలుసుకోవాల్సింది ఇంకేదైనా ఉంటే చిరునామా చేతికి అందాక, రెండో పేజీలో ఒక్క ప్రశ్నగా అడగొచ్చు. జవాబివ్వకపోయినా మనిషి మాత్రం జాబితాలో ఉంటాడు.

అసలు పని చేసింది రెండో పేజీ. ‘సబ్మిట్’ నొక్కాక చాలా సైట్లలో కనిపించేది ఒక్క ధన్యవాదం, అంతటితో సరి. నిజానికి కొత్త మనిషి ఉత్సాహం ఆ కంపెనీ పట్ల అంతకన్నా ఎక్కువగా మళ్లీ ఎప్పుడూ ఉండదు. ఒక పని ఇప్పుడే పూర్తిచేశాడు, ఫోన్ చేతిలోనే ఉంది. హ్యారీస్ ఆ క్షణంలోనే అతనికి సొంత లింకు ఒకటి ఇచ్చింది. స్నేహితులకు పంపడానికి ఈమెయిల్, ఫేస్‌బుక్, ట్విట్టర్ బటన్లు పక్కనే పెట్టింది. వాటి కింద బహుమతుల మెట్లు కనిపించేవి. అయిదుగురిని చేర్పిస్తే షేవింగ్ క్రీమ్. పది మందైతే బ్లేడుతో పాటు రేజర్. పాతిక మందైతే ఖరీదైన పిడి ఉన్న షేవింగ్ సెట్. యాభై మందైతే ఏడాది పాటు బ్లేడ్లు ఉచితం.

ఈ మెట్ల అమరికలో గమనించాల్సినవి ఉన్నాయి. మొదటి మెట్టు అయిదుగురి దగ్గరే ఉంది. అన్నదమ్ముడు, ఇద్దరు సహోద్యోగులు, ఇద్దరు పాత స్నేహితులు చాలు, ఎవరికైనా చేతనయ్యేదే. బహుమతులన్నీ కంపెనీ అమ్మబోయే సరుకే. ఐఫోను లాటరీ పెడితే ఐఫోను కావాల్సినవాళ్లు వస్తారు, గడ్డం గీసుకునేవాళ్లు రారు. షేవింగ్ క్రీమ్ కోసం కష్టపడి అయిదుగురిని పిలిచే మనిషి రేపు రేజర్ కొనే మనిషే అయ్యుంటాడు. పైగా సొంత సరుకు కాబట్టి కంపెనీకి పడేది తయారీ ఖర్చే, బజారు ధర కాదు.

లింకు వెనక జరిగేది చాలా తేలిక. ప్రతి మనిషికీ ఒక చిన్న గుర్తు కేటాయిస్తారు. అది లింకు చివర ఉంటుంది:

```
https://example.com/?ref=k7m2x
```

ఆ లింకు నొక్కి వచ్చిన కొత్త మనిషి చిరునామా ఇచ్చినప్పుడు, ఇతన్ని తెచ్చింది `k7m2x` అని అతని పేరు పక్కన రాసుకుంటారు. అంతే. అయితే ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. లెక్కపెట్టాల్సింది నమోదుల్ని, లింకు మీద పడిన నొక్కుల్ని కాదు. వాట్సాప్‌లో లింకు అతికించగానే కింద బొమ్మ, శీర్షిక వస్తాయి కదా, అవి చూపించడానికి వాట్సాపే ఆ పేజీని ఒకసారి తెరుస్తుంది. ఆఫీసు ఈమెయిళ్లను కాచే భద్రతా ప్రోగ్రాములు కూడా లింకుల్ని తెరిచి చూస్తాయి. నొక్కుల లెక్కను నమ్ముకుంటే అసలు మనుషులెందరో ఎప్పటికీ తేలదు.

ఇక ఫలితం. వచ్చిన ఈమెయిళ్లలో 77 శాతం ఇలా స్నేహితుల లింకుల మీదుగా వచ్చినవేనని కంపెనీ చెప్పింది. సుమారు 20,000 మంది కలిసి 65,000 మందిని తెచ్చారు. తలకు ముగ్గురికి పైనే. (65,000 అన్నది 77 శాతమైతే మొత్తం 85 వేల దగ్గర తేలుతుంది. లక్ష అన్నది కాస్త పైకి సవరించిన అంకె అనుకోవాలి.)

సగటు ముగ్గురు అన్న మాట దగ్గరే ఆగిపోతే అసలు విషయం చేజారుతుంది. యాభై మందిని దాటించినవాళ్లు 200 మందికి పైగా ఉన్నారని కూడా కంపెనీ చెప్పింది. రెండు వందల్ని యాభైతో గుణిస్తే పది వేలు. అంటే చేర్పించిన ఇరవై వేల మందిలో నూటికి ఒక్కరు, వచ్చినవాళ్లలో కనీసం ఆరో వంతుకు దగ్గరగా తెచ్చారు. మరోవైపు, చేరిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఒక్కరిని కూడా తీసుకురాలేదు. ఏ ఊళ్లో పెళ్లి జరిగినా ఇదే తీరు. భోజనానికి వందల మంది వస్తారు, పిలుపులన్నీ భుజాన వేసుకుని తిరిగేవాళ్లు ఇద్దరు ముగ్గురే. పై మెట్టు బహుమతి పెట్టాల్సింది వాళ్లకోసం. అది అందుకునేది కొద్దిమందే కాబట్టి కాస్త బరువైన బహుమతి పెట్టినా ఖర్చు చేయి దాటదు. పెట్టేముందు ఒక్క లెక్క మాత్రం వేసుకోవాలి: అనుకున్నదానికి పదింతల మంది ఆ మెట్టెక్కితే అందరికీ ఇవ్వగలమా? ఇవ్వలేకపోతే ‘మొదటి ఇన్ని మందికి’ అని హద్దు ముందే రాసి ఉండాలి. తర్వాత రాస్తే అది మాట తప్పడమే.

ఈ జనం మొదట ఎక్కడి నుంచి వచ్చారన్నది కూడా చెప్పుకోవాలి. అప్పుడు హ్యారీస్‌లో పని చేసేవాళ్లు డజను మంది. ఆ డజను మందీ తమ తమ స్నేహితులకు, బంధువులకు, పాత ఆఫీసువాళ్లకు స్వయంగా రాశారు. రిఫరల్ అనేది ఉన్న నిప్పుకు గాలి కొట్టే తిత్తి లాంటిది, నిప్పును అది పుట్టించలేదు. మొదటి వందలాది మందిని చేతులారా పిలవకుండా పేజీ పెట్టి కూర్చుంటే, ముగ్గురిని ముగ్గురితో గుణించినా తొమ్మిదే.

బహుమతులు పెట్టేచోట దొంగలెక్కలు తప్పవు. ఇద్దరు తెలివైనవాళ్లు రెండు ఐపీ అడ్రసుల నుంచి దాదాపు అయిదు వందల నకిలీ చేరికలు సృష్టించారని హ్యారీస్ వాళ్లు రాశారు. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్‌లో ఒక కనెక్షనుకు ఉండే ఇంటి నంబరు అనుకోవచ్చు. ఒకే నంబరు నుంచి ఎక్కువ నమోదులు రాకుండా వాళ్లు అడ్డు కట్టారు. అదే సమయంలో అది ఏ కాలేజీ క్యాంపసో అయ్యుంటుందేమోనని చూసుకున్నారు, ఎందుకంటే అక్కడ వేల మంది విద్యార్థులు ఒకే నంబరు మీద ఉంటారు.

ఇదే అడ్డుకట్టను హైదరాబాదులోనో విజయవాడలోనో యథాతథంగా పెడితే చిక్కొస్తుంది. మన మొబైల్ కంపెనీలు ఎంతోమంది వినియోగదారుల్ని ఒకే ఐపీ నంబరు వెనక ఉంచుతాయి. నిజంగా చేరుతున్న మనుషులే దొంగల్లా కనిపిస్తారు. ఇక్కడ ఇంకో దారి మేలు. చేరిన చిరునామాకు ఒక ఈమెయిల్ పంపి, అందులోని బటన్ నొక్కి వచ్చి పేజీలో మరోసారి ‘అవును’ అన్నాకే లెక్కలోకి తీసుకోవడం. జీమెయిల్ సంగతి కూడా తెలిసుండాలి. పేరు మధ్యలో చుక్కలు పెట్టినా, చివర ప్లస్ గుర్తుతో ఏదైనా తగిలించినా ఉత్తరం ఒకే పెట్టెలో పడుతుంది:

```
name@gmail.com
n.ame@gmail.com
name+1@gmail.com
```

ఈ మూడూ ఒకే మనిషి. చుక్కలు, ప్లస్ తర్వాతి భాగం తీసేసి పోల్చి చూస్తే సగం దొంగతనం అక్కడే దొరుకుతుంది. మిగతాది కంటికే తెలుస్తుంది: అర్ధరాత్రి పది నిమిషాల్లో నలభై మందిని చేర్పించిన లింకును పెద్ద బహుమతి పంపేముందు ఒకసారి తెరిచి చూడాలి.

సరుకు చేతిలో లేని కంపెనీకి మరో దారి ఉంది. షేర్ల వ్యాపార యాప్ రాబిన్‌హుడ్ 2013 డిసెంబరులో తన వెయిట్‌లిస్టు తెరిచి, ఏడాది పాటు నడిపింది. అక్కడ బహుమతి క్రీమూ కాదు, రేజరూ కాదు. వరుసలో మీ ముందు ఎంతమంది ఉన్నారో, వెనక ఎంతమంది ఉన్నారో పేజీ చూపించేది. స్నేహితుల్ని చేర్పిస్తే ముందుకు జరుగుతారు. ఇందుకు కంపెనీకి పైసా ఖర్చు లేదు. ఏడాదిలో ఆ వరుస పది లక్షలకు చేరువైంది. ఒక్కో కొనుగోలుకు బ్రోకర్లు కొన్ని డాలర్లు పిండుతున్న కాలంలో సున్నా కమీషన్ అన్న మాటే జనాన్ని నిలబెట్టింది. వరుసలో ముందుకు జరగడం బహుమతి కావాలంటే, వరుస చివర ఉన్నదాని మీద జనానికి అంత ఆశ ఉండాలి. సాధారణ సరుకు అమ్మే చిన్న సంస్థ ‘మీ నంబరు 4,812’ అని చూపిస్తే, ఆ మనిషి వేరే దుకాణానికి వెళ్లిపోతాడు.

జాబితా తయారైంది. ఇక ఈమెయిళ్లు. చాలా లాంచ్‌లు నీరుగారిపోయేది ఈ దశలోనే, అదీ పైకి ఏమీ కనబడకుండా.

మూడు వేల మంది చేరిన ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. కొత్త డొమైను పేరు, అప్పటిదాకా దాని నుంచి బయటికి పెద్దగా ఉత్తరాలు వెళ్లలేదు. మూడు నెలలు మౌనంగా ఉండి, ఒక ఉదయం మూడు వేల మందికీ ఒకేసారి పంపారు. చేరిన సంగతి సగం మంది మరిచిపోయారు. ఇదెవరో అనుకుని కొందరు ‘స్పామ్’ నొక్కారు. 2024 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న జీమెయిల్ నిబంధనల ప్రకారం ఆ ఫిర్యాదుల శాతం 0.3ను తాకకూడదు. మూడు వేల ఉత్తరాలకు తొమ్మిది ఫిర్యాదులన్నమాట. అది దాటితే తర్వాతి ఉత్తరాలు ఎవరికీ కనిపించని స్పామ్ సంచిలో పడటం మొదలవుతుంది. యజమాని మాత్రం అన్నీ చేరాయనుకుంటూ, ఆర్డర్లు ఎందుకు రాలేదా అని సరుకును తప్పుపడతాడు.

ముందుగా చేయాల్సింది ఉత్తరం నిజంగా మన దగ్గర నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు. మొదటిది, మా పేరుతో ఉత్తరం పంపే హక్కు ఈ సర్వర్లకే ఉందని చెప్పే జాబితా. రెండోది, దారిలో ఎవరూ మార్చలేదని చూపే ముద్ర. మూడోది, ఆ రెండూ సరిపోలకపోతే ఏం చేయాలో అవతలి మెయిల్ కంపెనీకి ఇచ్చే సూచన. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు కూడా. తక్కువ పంపేవాళ్లకు మొదటి రెండింటిలో ఒకటి చాలన్నా, పెట్టడానికి పూట పట్టని పని కాబట్టి మూడూ పెట్టుకోవడమే మంచిది.

ఆ తర్వాత ఉత్తరాల వరుస. మొదటిది చేరిన నిమిషంలోనే వెళ్లాలి. అందులో అతని సొంత లింకు ఉండాలి, ఎందుకంటే పేజీ మూసేశాక అది మళ్లీ దొరికేది అక్కడే. చేర్పించిన స్నేహితులు ఒక మెట్టుకు చేరినప్పుడు, బహుమతి దక్కిందని ఒకటి. ఈ ఉత్తరాన్ని ఆలస్యం చేయకూడదు. అయిదుగురిని చేర్పించి రెండు రోజులు జవాబు లేకపోతే ఆరో మనిషిని పిలవడు. లాంచ్‌కు గడువు ఎక్కువుంటే రెండు మూడు వారాలకొకటి, నిజంగా చెప్పాల్సింది ఉన్నప్పుడే: అచ్చు మారింది, ధర తేలింది, తేదీ జరిగింది. తేదీ వెనక్కి జరిగిన సంగతి దాచకుండా చెప్పిన ఉత్తరం చదివినవాళ్లు, లాంచ్ రోజు ఉత్తరాన్ని గుర్తుపడతారు.

లాంచ్ రోజు మూడు వేల మందికీ ఒకేసారి పంపనక్కర్లేదు. మొదట ఎక్కువమందిని చేర్పించిన రెండు వందల మందికి. వాళ్లు మనల్ని ఎరిగినవాళ్లు, ఫిర్యాదు చేయరు, ఏదైనా చెడితే జవాబు రాసి చెబుతారు. ఒక రోజు ఆగి చూడాలి. చెల్లింపు పేజీ పనిచేసిందా, పిన్‌కోడ్ దగ్గర ఎవరైనా ఆగిపోయారా, ప్యాకింగ్‌కు చేతులు చాలాయా? సరిచేసుకున్నాక తర్వాతి ఎనిమిది వందలు, రెండు రోజుల తర్వాత మిగతా రెండు వేలు. చిన్న అలలతో మొదలైతే మెయిల్ కంపెనీలకు కూడా కొత్త డొమైను మీద నమ్మకం కుదురుతుంది.

ఏం చూసి బాగుందనుకోవాలి? ‘ఇంతమంది తెరిచారు’ అన్న అంకెను పట్టుకోకూడదు. 2021 నుంచి ఆపిల్ మెయిల్ యాప్ ఉత్తరంలోని బొమ్మల్ని ముందుగానే తెచ్చిపెట్టుకుంటోంది. మనిషి చూడకపోయినా చూసినట్టు లెక్కపడుతుంది. ఆర్డర్లు, వచ్చిన జవాబులు, తప్పుకున్నవాళ్లు, స్పామ్ ఫిర్యాదులు, ఈ నాలుగే నమ్మదగినవి. వాటిని స్నేహితుడి లింకు ద్వారా వచ్చినవాళ్లకు ఒకటిగా, తిన్నగా వచ్చినవాళ్లకు ఒకటిగా విడదీసి చూస్తే ఇంకా తెలుస్తుంది. స్నేహితుడి మాట కాదనలేక చిరునామా ఇచ్చినవాడికీ, సరుకు కావాలని ఇచ్చినవాడికీ తేడా ఆర్డర్లలో బయటపడుతుంది. బహుమతులు సరుకుకు దూరంగా ఉంటే ఆ తేడా పెద్దది.

మన దేశంలో ఇది చేసేవాళ్లు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టాన్ని కూడా చూసుకోవాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. చిరునామా దేనికి తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పాలి, మనిషి తనంతట తాను ఒప్పుకోవాలి, ఒప్పుకున్నంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. ఆ వివరణను ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలివ్వాలి. అంటే తెలుగులో అడిగితే తెలుగులో ఉండాలి. ‘మా సరుకు ఎప్పుడొస్తుందో చెప్పడానికే మీ ఈమెయిల్ వాడతాం, ఎప్పుడైనా తప్పుకోవచ్చు’ అని ఒక్క వాక్యం బటన్ పైన పెట్టడం కష్టం కాదు.

స్నేహితుల్ని పిలిపించే తీరు మీద కూడా ఇది ప్రభావం చూపుతుంది. ‘మీ స్నేహితుల ఈమెయిళ్లు ఇక్కడ రాయండి, మేమే పంపుతాం’ అనే గడి పెడితే, ఆ స్నేహితుడు ఒప్పుకోకుండానే అతని చిరునామా కంపెనీ చేతికొస్తుంది. లింకు పంచుకునే పద్ధతిలో ఆ చిక్కు లేదు. వాట్సాప్‌లో మేనల్లుడు పంపిన లింకును మేనమామ చూస్తాడు, ఇష్టమైతే తన చిరునామా తానే ఇస్తాడు. ఇష్టం లేకపోతే ఆ కంపెనీకి అతనెవరో తెలియనే తెలియదు.

అలలన్నీ అయ్యాక, ఒక్కసారీ స్పందించనివాళ్లు మిగులుతారు. వాళ్లకు పంపే ఆఖరి ఉత్తరంలో ఒకే ప్రశ్న ఉండాలి: ఇంకా ఉంచమంటారా? రెండు వారాల్లో జవాబు రాకపోతే ఆ చిరునామాల్ని జాబితాలోంచి తుడిచేయాలి, ఆ సంగతి ఉత్తరంలోనే ముందుగా రాసి ఉండాలి.